అల్దేఅలో ‘ల్’ ఎక్కడిది? స్పానిష్ ‘అల్’ పదాలు, వాటి పాత అర్థాలు

నెల్లూరు_నిత్య

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో స్పానిష్ నేర్చుకుంటున్నాను. మొన్న క్లాసులో దిండుకి ‘అల్మొఆద’ అనీ, చిన్న పల్లెటూరుకి ‘అల్దేఅ’ అనీ చెప్పి, ఇవి రెండూ అరబిక్ నుంచి వచ్చాయన్నారు. మొదట్లో ఉన్న ‘అల్’ అరబిక్‌లో పేరుకి ముందు వచ్చే ముక్క అని, స్పెయిన్ వాళ్లు దాన్ని పదంతో కలిపే తీసేసుకున్నారని చెప్పి తర్వాతి పాఠంలోకి వెళ్లిపోయారు.

నాకు రెండు సందేహాలు మిగిలాయి. ఈ పదాలకి మొదట ఉన్న అర్థం ఇదేనా, మధ్యలో మారిందా? రెండోది, ‘అల్’తో మొదలయ్యే పదాల్లో ఏది అరబిక్, ఏది కాదు అని ఎలా గుర్తుపట్టాలి? ‘అల్మ’ అంటే ఆత్మ, ‘ఆల్తొ’ అంటే ఎత్తు. ఇవి కూడా అరబిక్కేనా?

---

సీమపలుకు

నిత్య గారూ, స్పెయిన్‌ని 711 నుంచి 1492 వరకు ఏదో ఒక మేర ముస్లిం పాలకులు ఏలారు. అన్ని వందల ఏళ్లు కలిసి బతికితే పదాలు రాకుండా ఎలా ఉంటాయి? ‘అల్’తో మొదలైతే అరబిక్ అనుకుంటే చాలు, నూటికి తొంభై సార్లు సరిపోతుంది. మన ఇళ్లలో బట్టలు పెట్టుకునే అల్మారా కూడా అదే దారిలో వచ్చింది. నిజాం కాలంలో మనకి దిగిన మాట.

---

అక్షరయాత్రి

సీమపలుకు గారు చెప్పిన చరిత్ర సరైనదే. కానీ ‘అల్’ కనిపిస్తే అరబిక్ అనే లెక్క అంతగా పనిచేయదు. నిత్య గారు అడిగిన ‘అల్మ’ లాటిన్ ‘అనిమ’ నుంచి, ‘ఆల్తొ’ లాటిన్ ‘ఆల్తుస్’ నుంచి వచ్చాయి. తెల్లవారుజాముకి స్పానిష్‌లో ‘ఆల్బ’ అంటారు, అదీ లాటినే. మన అల్మారాది పోర్చుగీసు దారి. వాళ్ల ‘అర్మారియు’కి మూలం లాటిన్ ‘అర్మారియుమ్’, అంటే సామాను దాచే పెట్టె లాంటిది. మొదటి ‘ర్’ ‘ల్’గా మారడంతో అరబిక్ పదంలా కనిపిస్తుంది.

ఊహించే కంటే చూసుకోవడం తేలిక. స్పానిష్ అకాడమీ నిఘంటువు dle.rae.es లో ఉచితంగా ఉంది. పదం కొట్టగానే అర్థం కంటే ముందు ఒక చిన్న వరుసలో దాని పుట్టుక ఉంటుంది. అందులో ár. hisp. అని ఉంటే స్పెయిన్‌లో మాట్లాడిన అరబిక్ నుంచి వచ్చిందని, ár. clás. అని ఉంటే గ్రంథాల అరబిక్‌లో దాని రూపం ఇదని. ఈ రెండూ వేరువేరుగా ఇవ్వడం చాలా ముఖ్యం. స్పెయిన్ జనం పదాలు నేర్చుకున్నది ఖురాన్ నుంచి కాదు, బజారులో మాట్లాడే భాష నుంచి.

ఇప్పుడు దిండు సంగతి. అరబిక్‌లో ‘ఖద్ద్’ అంటే చెంప. దానికి ముందు ‘మి’ చేర్చి ‘మిఖద్ద’ అంటే చెంప ఆనించుకునే వస్తువు. పనిముట్ల పేర్లకి అరబిక్‌లో ఈ ‘మి’ తరచూ వస్తుంది. స్పెయిన్ అరబిక్‌లో దాన్ని ‘ముఖద్ద’ అని పలికేవారు. ఆ ‘ఉ’కారం వల్లే స్పానిష్‌లో ‘మొ’ వచ్చింది, గ్రంథాల రూపమే వచ్చి ఉంటే ‘మి’ ఉండేది. మధ్యలోని ‘ఖ’ స్పానిష్ నోటికి లొంగలేదు. రాతలో హెచ్ అక్షరంగా మిగిలింది, ఇప్పుడు దాన్ని పలకరు. పక్కనే పోర్చుగీసు వాళ్ల దగ్గర అదే పదం ‘అల్మొఫాద’. వాళ్లు ‘ఖ’ని ‘ఫ’ చేసుకున్నారు. దిండు విషయంలో అర్థం మారలేదు, చెంప మాత్రం ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

అల్దేఅ కథ ఇంత సులువు కాదు. దాని గురించి కాస్త తీరిక చూసుకుని రాస్తాను.

---

లక్ష్యం_డెలె

ఫ్రెండ్స్, వచ్చే నెల నాకు డెలె అనే స్పానిష్ భాషా పరీక్ష ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఈ ‘అల్’ పదాలు పరీక్షలో ఎక్కువగా వస్తాయా? ఒక యాభై పదాలు అర్థాలతో ఎవరైనా లిస్టు పెడితే బట్టీ పట్టేస్తాను. చరిత్ర అవసరం లేదు.

---

నెల్లూరు_నిత్య

లక్ష్యం గారూ, నేను అడిగింది పరీక్ష కోసం కాదండీ. అయినా రోజూ పనికొచ్చేవి ఉన్నాయి కదా. అల్మొఆద దిండు, అల్ఫోంబ్ర తివాచీ, అల్గొదోన్ పత్తి, అల్కిలేర్ అద్దె, అల్మసేన్ గోదాము. ఇల్లు అద్దెకి తీసుకునే సంభాషణల్లో వీటిలో చాలా వరకు తగులుతాయి.

అక్షరయాత్రి గారూ, అల్దేఅ కోసం ఎదురుచూస్తున్నాను.

---

పాతబస్తీ_సల్మా

నేను స్పానిష్ చదవలేదు కానీ చిన్నప్పుడు మదరసాలో అరబిక్ చదివాను. అల్దేఅ దగ్గర నాకు ఒక చిక్కు కనబడుతోంది, అదే రాద్దామని వచ్చాను.

అరబిక్ అక్షరాల్లో సగం సూర్య అక్షరాలు, సగం చంద్ర అక్షరాలు. పదం చంద్ర అక్షరంతో మొదలైతే ‘అల్’ని ఉన్నది ఉన్నట్టే పలుకుతాం, ‘అల్ ఖమర్’ అన్నట్టు. సూర్య అక్షరమైతే ‘ల్’ మాయమై తర్వాతి అక్షరం రెట్టిస్తుంది. ‘అల్ షమ్స్’ అని రాసినా ‘అష్షమ్స్’ అనే పలకాలి. నిత్య గారి పుస్తకంలోనే దీనికి సాక్ష్యం ఉండాలి. చక్కెరకి అరబిక్‌లో ‘అస్సుక్కర్’, నూనెకి ‘అజ్జయ్త్’, బియ్యానికి ‘అర్రుజ్జ్’. స్పానిష్‌లో వీటిని ఏమంటారు?

పల్లెకి అరబిక్ మాట ‘దయ్అ’ అనుకుంటాను. అది మొదలయ్యేది మామూలు ‘ద’తో కాదు, ‘దాద్’ అనే బరువైన అక్షరంతో. దాద్ సూర్య అక్షరం. అంటే పలకాల్సింది ‘అద్దయ్అ’. మరి స్పానిష్‌లో ‘ల్’ ఎక్కడి నుంచి వచ్చింది? రాసింది చూసి తీసుకున్నారా?

---

నెల్లూరు_నిత్య

సల్మా గారూ, మీరు చెప్పినట్టే ఉంది! చక్కెర అసూకర్, నూనె అసేయితె, బియ్యం అర్రోస్. ఒక్కదాంట్లోనూ ‘ల్’ లేదు. ఇవీ అరబిక్ పదాలే అని మాకు ఎవరూ చెప్పలేదు.

---

అక్షరయాత్రి

సల్మా గారు సరిగ్గా అసలు చోటే పట్టుకున్నారు. రాసింది చూసి తీసుకుని ఉంటే చక్కెర కూడా ‘అల్సూకర్’ అయ్యేది. కాలేదు. జనం చెవికి వినబడిందే తీసుకున్నారు. కాబట్టి అల్దేఅలో ‘ల్’ కూడా చెవికి వినబడే ఉండాలి. అయితే అది ‘అల్’లోని ‘ల్’ కాదు, దాద్ అక్షరంలోంచి వచ్చిన ‘ల్’.

ఇప్పుడు దాద్‌ని చాలా దేశాల్లో బరువైన ‘ద’లా పలుకుతున్నారు. పాతకాలంలో అలా కాదు. ఎనిమిదో శతాబ్దపు వ్యాకరణకర్త సీబవైహి దీని ఉచ్చారణ చెబుతూ, నాలుక పక్క అంచుని దవడ పళ్లకి ఆనించి పలకాలన్నాడు. నాలుక పక్కల నుంచి గాలి వదిలితే వచ్చేది ‘ల’ జాతి ధ్వనే. ఒక్కసారి నోటితో చేసి చూడండి. ‘ల’కీ ‘ద’కీ మధ్య ఏదో వస్తుంది. ఈ ధ్వని ఇంకెవరికీ లేదని అరబ్బులు తమ భాషని ‘దాద్ భాష’ అని చెప్పుకునేవారు.

స్పెయిన్ వాళ్లకి ఆ ఒక్క ధ్వని ‘ల్ద్’ అని రెండుగా వినబడింది. దీనికి గట్టి రుజువు, ‘అల్’తో సంబంధం లేని చోట, అంటే పదం మధ్యలోనూ చివరా, ఇదే జరగడం. న్యాయాధికారిని అరబిక్‌లో ‘ఖాదీ’ అంటారు, మధ్యలో ఉన్నది దాద్. స్పానిష్‌లో అది ‘అల్కాల్దె’. మొదటి ‘ల్’ అల్‌ది, రెండో ‘ల్’ దాద్‌ది. తెల్లదనానికి ‘బయాద్’, చివర దాద్. తెల్లరంగుకి వాడే సీసపు పొడి స్పానిష్‌లో ‘అల్బయాల్దె’ అయింది. ఊరి శివారు పేటకి ‘రబద్’, పోర్చుగీసులో అది ‘అర్రబాల్ద్’.

వర్తకుల వెంట అరబిక్ వెళ్లిన ఇంకో చోట, నైజీరియా వైపు హౌసా భాషలో, న్యాయాధికారిని ‘అల్కాలీ’ అంటారు. అక్కడ ‘ద’ పూర్తిగా పోయి ‘ల’ ఒక్కటే మిగిలింది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు భాషలు అదే అక్షరంలో ‘ల’ విన్నాయంటే, ఆ అక్షరంలో ‘ల’ నిజంగానే ఉండేదన్నమాట.

---

పాతబస్తీ_సల్మా

చదువుతుంటే ఒళ్లు పులకరించింది. ఎందుకంటే ఇదే దాద్ మన వైపు వచ్చేసరికి ‘జ’ అయింది. ఫార్సీ వాళ్లు దాద్‌ని పలకలేక ‘జ’ చేశారు, ఉర్దూ దాన్నే తీసుకుంది, ఉర్దూ నుంచి తెలుగులోకి దిగింది. ఖాదీ మనకి కాజీ. రమదాన్ మనకి రంజాన్. ‘హాదిర్’ హాజరు అయింది, ‘దామిన్’ జామీను అయింది. జిల్లా అన్న మాటలో మొదటి అక్షరం కూడా దాదే. మన కాజీ, స్పెయిన్‌లో అల్కాల్దె, ఒకే మాట రెండు దిక్కులకి వెళ్లింది.

---

సీమపలుకు

దాద్ ఉంటే ‘ల్ద్’ రావాలి అన్నది నియమమైతే అన్నింట్లో రావాలి కదా. మా కోర్సు పుస్తకంలో ‘అలార్దె’ అని ఒక పదం ఉంది, గొప్పలు చూపించుకోవడం అని అర్థం. మూలం అరబిక్ ‘అర్ద్’ అని రాశారు. అందులో దాద్ ఉందా లేదా? ఉంటే ‘ల్’ ఏది?

---

అక్షరయాత్రి

ఉంది. మంచి ప్రశ్న వేశారు. అక్కడ దాద్‌కి ముందే ‘ర్’ ఉంది. ‘ర్’, ‘ల్’, ‘ద్’ మూడూ వరుసగా పలకడం స్పానిష్‌లో కుదరదు, కనుక ‘ల్’ నిలవలేదని నా అభిప్రాయం. ‘ల్ద్’ ప్రతిచోటా రాదు, ఒప్పుకుంటాను. మొదటి కాలంలో చేరిన పదాల్లో కనబడుతుంది. స్పెయిన్ అరబిక్‌లోనే తర్వాత దాద్ మామూలు ‘ద’ వైపు జరిగింది కాబట్టి ఆలస్యంగా వచ్చిన పదాల్లో ఆశించలేం.

అలార్దె అర్థం కూడా గమనించండి. ‘అర్ద్’ అంటే ఎదుట ఉంచి చూపించడం. సైన్యాన్ని వరుసలో నిలబెట్టి, ఎందరున్నారు, గుర్రాలూ ఆయుధాలూ ఉన్నాయా అని లెక్క చూసే తనిఖీకి ఆ పేరు. స్పానిష్‌లో మొదట ఆ అర్థమే. తర్వాత ఉన్నదంతా బయటపెట్టి చూపించుకోవడం అయింది. పాత అర్థం పూర్తిగా చావలేదు. ఉత్తర స్పెయిన్‌లో ఇరూన్, ఒందర్రిబియ ఊళ్లలో ఏటా జనం తుపాకులూ డప్పులతో చేసే కవాతుని ఇప్పటికీ అలార్దె అనే అంటారు.

సల్మా గారికి ఒక మాట. అదే ‘అర్ద్’ మన అర్జీ. అధికారి ఎదుట ఉంచేది.

---

వలెన్సియా_వాసు

నేను కొన్నేళ్లుగా వలెన్సియాలో ఉంటున్నాను. అల్దేఅ అర్థం గురించి ఎవరైనా రాస్తారేమో అని చూస్తున్నాను, అందరూ ‘ల్’ దగ్గరే ఆగిపోయారు. అర్థం ఇంకా బాగుంటుంది.

అరబిక్ ‘దయ్అ’ అంటే మొదట ఊరు కాదు. ఒకరికి చెందిన సాగుభూమి, ఎస్టేటు లాంటిది. మన వైపు చెప్పాలంటే ఒక దొర గారి మాగాణి, అందులో పనిచేసేవాళ్ల ఇళ్లు. ఆ ఇళ్ల గుంపు పెరిగి ఊరుగా మారింది. అరబ్బు దేశాల్లోనూ అదే జరిగింది, లెబనాన్‌లో ఇప్పుడు దయ్అ అంటే పల్లెటూరే.

దీనికి పక్కనే ఇంకో పదం ఉంది, ‘అల్కెరీయ’. మూలం అరబిక్ ‘కర్య’, అంటే అచ్చంగా పల్లె. ఇక్కడ వలెన్సియా చుట్టూ కాలవల కింద కూరగాయలు పండించే పొలాల్లో పాతకాలపు పెద్ద ఇళ్లు ఉంటాయి, తెల్ల గోడలు, పైన ధాన్యం దాచే అటక. వాటిని అల్కెరీయలు అంటారు. అంటే పొలంలో ఒంటరిగా ఉండే ఇల్లు!

చూశారా, రెండూ చోట్లు మార్చుకున్నాయి. ఎస్టేటు అనే పదం ఊరైంది, ఊరు అనే పదం ఎస్టేటు ఇల్లయింది.

రెండోది ఎలా జరిగిందో ఇక్కడి చరిత్రలో కనిపిస్తుంది. 1238లో అరగోన్ రాజు మొదటి జౌమె వలెన్సియాని గెలిచాక, ముస్లింల పల్లెల్నీ ఇళ్లనీ తనతో వచ్చినవాళ్లకి పంచిపెట్టాడు. ఆ పంపకాల రిజిస్టరు ఇప్పటికీ ఉంది. ఫలానావాడికి ఫలానా అల్కెరీయ అని రాసి ఉంటుంది. అప్పటికి అది కొన్ని ఇళ్లున్న పల్లె. పల్లె మొత్తం ఒక్కడి చేతికి వచ్చి, పాత జనం వెళ్లిపోయాక ఏం మిగులుతుంది? యజమాని ఇల్లు, చుట్టూ అతని పొలం. పేరు మాత్రం అదే. మధ్య దశలు నా ఊహే కానీ, రిజిస్టరులో అల్కెరీయ పల్లె అన్నదీ, ఇప్పుడు ఇల్లు అన్నదీ మాత్రం ఊహ కాదు.

---

అక్షరయాత్రి

వాసు గారు రాసినదానికి స్పెయిన్ మధ్యభాగంలోని కస్తీలియా వైపు కథ చేరుస్తాను, ఎందుకంటే అక్కడ అల్దేఅకి ఇంకో అర్థం వచ్చింది. నిఘంటువులు ‘చిన్న ఊరు’ అని వదిలేస్తాయి. మధ్యయుగంలో మాత్రం అది పరిమాణానికి సంబంధించిన మాట కాదు, అధికారానికి సంబంధించింది.

సెగోవియా, ఆవిల, సెపుల్వెద లాంటి కోట గోడల పట్నాల కింద చుట్టుపక్కల చాలా నేల ఉండేది. ఆ నేలలోని ఊళ్లు అల్దేఅలు. పట్నం ‘వీయ’. తగాదా వస్తే అల్దేఅ మనిషి పట్నానికి పోయి అక్కడి అల్కాల్దె ముందు నిలబడాలి. ఏ ఊరు ఎంత పన్ను కట్టాలో పట్నమే పంచేది. ఊరు ఎంత పెరిగినా సొంత న్యాయం లేనంత కాలం అల్దేఅనే.

ఒక అల్దేఅ వీయ కావాలంటే ఒకటే దారి. రాజు నుంచి హక్కు పత్రం పొందాలి. 16, 17 శతాబ్దాల్లో స్పెయిన్ రాజులకి యుద్ధాల ఖర్చులతో ఎప్పుడూ డబ్బు కరువే. అందుకని ఆ హక్కుని అమ్మారు. ఊరంతా అప్పు చేసి మరీ కొనుక్కునేవారు. పత్రం చేతికి రాగానే ఊరి మధ్యలో ఒక రాతి స్తంభం ఎత్తేవారు, ఇక ఇక్కడే తీర్పు, ఇక్కడే శిక్ష అని చెప్పడానికి. కస్తీలియా పల్లెల్లో ఆ స్తంభాలు నేటికీ నిలబడి ఉన్నాయి.

ఆ రోజు నుంచి ఊరికి సొంత అల్కాల్దె. ఇక్కడే అల్కాల్దె అర్థం ఎందుకు జారిందో కూడా తెలుస్తుంది. చిన్న ఊళ్లో తీర్పు చెప్పేదీ, ఊరి పనులు చూసేదీ ఒక్క మనిషే. 19వ శతాబ్దంలో న్యాయాన్ని విడిగా జడ్జీలకి అప్పగించాక అతని చేతిలో ఊరి పాలన మిగిలింది. అలా కాజీ మేయర్ అయ్యాడు.

---

రిటైర్డ్_గిర్దావర్

బాబూ, నేను రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాను. స్పానిష్ ఏమీ రాదు, మా అమ్మాయి ఈ చర్చ చూపించింది. ఎస్టేటు ఊరవడం అన్న మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మా రికార్డుల్లో ‘మజరా’ అని ఉంటుంది. పెద్ద గ్రామానికి కొంచెం దూరంగా, దాని సర్వే నంబర్ల లోపలే ఉండే చిన్న ఊరు. విడిగా రెవెన్యూ గ్రామం కాదు. సర్టిఫికెట్ కావాలన్నా, భూమి తగాదా వచ్చినా కాగితాల మీద అసలు గ్రామం పేరే. నేను పనిచేసిన ఒక చోట మజరా జనాభా అసలు గ్రామం కంటే ఎక్కువ, అయినా కాగితం మీద మజరానే. వాళ్ల గోడు చాలాసార్లు విన్నాను, తీర్చే అధికారం నాకు లేదు. 2018లో తెలంగాణలో తండాలూ గూడేలూ శివారు పల్లెలూ చాలా వరకు పంచాయతీలు అయ్యాయి, అప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి.

నా ప్రశ్న ఏమిటంటే, ఈ మజరా కూడా అరబ్బీయేనా?

---

పాతబస్తీ_సల్మా

అవును అంకుల్. ‘మజ్రఅ’ అంటే విత్తనం వేసిన చోటు, సాగు పొలం. ‘జర్అ’ అంటే విత్తడం. మొగల్ కాలం ఫార్సీ రికార్డుల ద్వారా మన రెవెన్యూలోకి వచ్చింది. పొలం అనే మాట, పొలం దగ్గర కట్టుకున్న ఇళ్లకి పేరైంది. వాసు గారు చెప్పిన దయ్అ నడిచిన దారే. ఒకరినొకరు చూసి నేర్చుకున్నది కాదు, రెండు చోట్లా విడివిడిగా జరిగింది.

ఇలా మన దగ్గరా స్పెయిన్‌లోనూ ఉన్న జంటలు రాసుకుంటూ కూర్చున్నాను. నిత్య గారు పైన చెప్పిన అల్కిలేర్ మన కిరాయే. అరబిక్ ‘కిరా’ అక్కడ అల్‌తో వెళ్లింది, మనకి అల్ లేకుండా వచ్చింది. అల్మసేన్‌కి మూలం ‘మఖ్జన్’, దాచే చోటు. మన ఖజానాది అదే ధాతువు. వెతుకుతుంటే ఇంకోటి దొరికింది, వంటింట్లో గోడలో ఉండే అరలకి స్పానిష్‌లో ‘అలసేన’ అంటారట, అది నేరుగా ‘ఖిజానా’ నుంచే. అంటే సీమపలుకు అన్న చెప్పిన అల్మారా అరబిక్ కాదు కానీ, స్పెయిన్ వంటింటి అల్మారా మాత్రం మన ఖజానాకి సొంత చెల్లెలు.

అల్గ్వసీల్ అని ఇంకో పదం చూశాను. కోర్టు నోటీసులు అందించే బంట్రోతు లాంటి ఉద్యోగి. మూలం ‘వజీర్’ అని ఉంది. మంత్రి బంట్రోతు ఎలా అయ్యాడు?

---

అక్షరయాత్రి

ఒక్కసారిగా పడలేదు సల్మా గారూ. కోర్దోబాలో ఉమయ్యద్ పాలకుల కాలంలోనే వజీర్లు ఒకరిద్దరు కాదు, చాలామంది. వాళ్లందరి మీదా ‘హాజిబ్’ అని ఒక పెద్ద అధికారి ఉండేవాడు. అంటే తూర్పున బాగ్దాద్‌లో వజీర్‌కి ఉన్న స్థాయి స్పెయిన్‌లో మొదటి నుంచీ లేదు. తర్వాత ఒక్కో నగరంలో శాంతిభద్రతలు చూసే అధికారికి ఆ బిరుదు అంటింది. క్రైస్తవ రాజ్యాలు తీసుకున్నది ఈ కింది మెట్టు వజీర్‌ని. అక్కడి నుంచి నేరస్తుల్ని పట్టుకొచ్చేవాడయ్యాడు, ఆ తర్వాత నోటీసు అందించేవాడయ్యాడు.

---

సీమపలుకు

ఇదంతా బాగుంది. కానీ నా మొదటి మాట మీద నేను ఇంకా ఉన్నాను. చదివేవాడికి మొదటి గుర్తు ‘అల్’ అనే చెప్పాలి, మినహాయింపులు తర్వాత. ఇంకో సంగతి, సల్మా గారు చూపించినవన్నీ చూస్తే మన భాషలోకి ఒక్కటీ అల్‌తో రాలేదు. కిరాయి, ఖజానా, వజీరు, కాజీ. స్పెయిన్‌లో మాత్రం ఎందుకు అతుక్కుంది?

---

అక్షరయాత్రి

మనకి ఫార్సీ మీదుగా వచ్చాయి. ఫార్సీ వాళ్లు పుస్తకాలు చదివి అరబిక్ నేర్చినవాళ్లు, పదం ఎక్కడ మొదలవుతుందో వాళ్లకి తెలుసు. స్పెయిన్ సంగతికి ఎక్కువగా చెప్పే కారణం ఒకటుంది. 711లో దాటి వచ్చిన సైన్యంలో అరబ్బుల కంటే ఉత్తర ఆఫ్రికా బెర్బర్లు ఎక్కువ. వాళ్లకి అరబిక్ మాతృభాష కాదు. బెర్బర్ భాషలు అరబిక్ పదాల్ని అల్‌తో కలిపే అరువు తెచ్చుకుంటాయి. స్పెయిన్ జనం నేర్చుకున్నది వాళ్ల నోటి నుంచి అని వాదన. సిసిలీ మీదుగా ఇటలీకి వెళ్లిన పదాలతో పోల్చండి. స్పానిష్ అల్గొదోన్, ఇటాలియన్ కొతోనె. స్పానిష్ అసూకర్, ఇటాలియన్ జుక్కెరొ. స్పానిష్ అల్మసేన్, ఇటాలియన్ మగజ్జీనొ. నాకు ఈ వాదన నచ్చుతుంది.

---

పాతబస్తీ_సల్మా

నాకు అంత నమ్మకం కలగడం లేదు సార్. సిసిలీకి వెళ్లిన సైన్యం కూడా ఉత్తర ఆఫ్రికా నుంచే కదా, అందులో బెర్బర్లు లేరా? పైగా ఇటాలియన్ పదాలు చాలా వరకు వర్తకుల ద్వారా, రేవుల్లో, సరుకు పేర్లుగా వెళ్లి ఉండాలి. సరుకు పేరు అయితే అల్ లేకుండానే బేరం సాగుతుంది. స్పెయిన్‌లో ఇంట్లో, పొలంలో, పక్కింటి మనిషి నోట విన్నారు. ఇంట్లో మాట్లాడేటప్పుడు ‘ఆ దిండు తే’ అన్నట్టు అల్‌తోనే వస్తుంది. తేడా నేర్చిన చోటులో ఉందేమో, నేర్పిన మనిషిలో కాదేమో.

---

వలెన్సియా_వాసు

మీ ఇద్దరి మధ్య నేను ఇంకో చిక్కు పెడుతున్నాను. ఇక్కడ బోర్డులన్నీ రెండు భాషల్లో ఉంటాయి, స్పానిష్‌లోనూ, కటలన్ కుటుంబానికి చెందిన వలెన్సియన్‌లోనూ. సూపర్ మార్కెట్‌లో చక్కెర మీద ఒకవైపు అసూకర్, ఇంకోవైపు సూక్రె. పత్తికి అల్గొదోన్, కొతో. గోదాముకి అల్మసేన్, మగద్జెమ్. అంటే ఒకే ద్వీపకల్పంలో పక్కపక్క భాషలే అల్ దగ్గర విడిపోయాయి. అలాగని కటలన్‌లో అల్ అసలు లేదా అంటే, బియ్యం ‘అర్రోస్’, మేయర్ ‘అల్కాల్దె’ వాళ్లకీ ఉన్నాయి.

బార్సిలోనా 801లోనే ఫ్రాంకుల చేతికి వెళ్లిపోయింది, అరబ్బీ పాలన అక్కడ నూరేళ్లు కూడా లేదు. పదాలు వాళ్లకి పొరుగు నుంచీ, సముద్రం మీద ఇటలీ వైపు నుంచీ వచ్చి ఉండొచ్చు. ఇది సల్మా గారి వైపుకి బలం ఇస్తుందనిపిస్తోంది. కానీ అదే నిజమైతే రోజూ వంటింట్లో ఉండే చక్కెరకి అల్ పోయి, అదే వంటింట్లోని బియ్యానికి ఎందుకు ఉండిపోయింది? దీనికి జవాబు నా దగ్గర లేదు. అక్షరయాత్రి గారు ఏమంటారో?

---

లక్ష్యం_డెలె

మొత్తం చదివాను. ఇకపై అల్కాల్దె స్పెల్లింగ్‌లో రెండో ‘ల్’ మర్చిపోను, పోయిన టెస్టులో దానికే మార్కు పోయింది. ‘అల్బొందిగ’ గురించి ఎవరూ రాయలేదు. మాంసం ఉండలు అని తెలుసు, మూలం ఏమిటి?

---

పాతబస్తీ_సల్మా

‘బుందుక’ అయి ఉండాలి. హేజెల్‌నట్ గింజ, గుండ్రంగా ఉంటుంది కాబట్టి చిన్న ఉండ. అరబిక్‌లో అదే మాట విసిరే మట్టి గుళ్లకీ వచ్చింది, గుళ్లు పేల్చే ఆయుధానికీ వచ్చింది. మనం బందూకు అనేది దాన్నే. వాసు గారి ప్రశ్నకి జవాబు నాకూ కావాలి.